బలవంతంగా కొనడానికి వచ్చినవాడి మీద బోర్డు "పాయిజన్ పిల్" వేయొచ్చా? – తరచుగా అడిగే ప్రశ్నలు

నేను విశాఖపట్నంలో కంపెనీ సెక్రటరీగా పనిచేస్తాను. 2019 జూన్‌లో ఒకరోజు సాయంత్రం మా కింద పోర్షన్‌లో ఉండే, పోర్టులో చేసి రిటైరైన బాబాయ్ గారు ఒక లావుపాటి కవరు పట్టుకుని మెట్లెక్కి వచ్చారు. లోపల లెటర్ ఆఫ్ ఆఫర్, దాంతో పాటు ఒక ఫారం, ఆయన దగ్గరున్న మైండ్‌ట్రీ అనే ఐటీ కంపెనీ షేర్లు ఒక్కోటి 980 రూపాయలకి కొంటామని ఎల్ అండ్ టీ పంపింది. "ఏటమ్మా ఇది, నా షేర్లు అమ్ముతానని నేనెవరికి సెప్పాను?" అన్నారు. ఆ రోజు ఆయనకి చెప్పడం మొదలుపెట్టాను, ఆ తర్వాత ట్విట్టర్ గొడవ వచ్చింది, అప్పటి నుంచి తెలిసినవాళ్ళు, స్టూడెంట్స్, క్లయింట్ల పిల్లలు అందరూ తిప్పి తిప్పి ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు, అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను.

హాస్టైల్ టేకోవర్ అంటే సరిగ్గా ఏంటి? కొంటానంటే గొడవేంటి?

కంపెనీ బోర్డు వద్దంటున్నా, వాళ్ళని పక్కకి తోసి నేరుగా షేర్‌హోల్డర్ల దగ్గరికొచ్చి "మీ షేర్లు నాకమ్మండి, మార్కెట్ కంటే ఎక్కువిస్తా" అనడం. షేరు మనది, అమ్ముకునే హక్కు మనదే. కానీ కంపెనీని నడిపే బాధ్యత బోర్డుది. మామూలు రోజుల్లో ఈ రెండిటికీ తగువు రాదు, ఇలాంటి ఆఫర్ వచ్చినప్పుడు మాత్రం ఎదురెదురుగా నిలబడతాయి. రేటు చాలా, చాలదా అన్నది ఎవరు తేల్చాలి, అమ్ముకునేవాడా, నడిపేవాడా? పాయిజన్ పిల్ మీద నలభై ఏళ్ళుగా నడుస్తున్న వాదనంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది.

పాయిజన్ పిల్ అంటే ఏం చేస్తారు? లెక్కతో చెప్పండి.

చట్టం భాషలో దాని పేరు షేర్‌హోల్డర్ రైట్స్ ప్లాన్. బోర్డు ప్రతి షేరుకీ ఒక "రైట్" అంటిస్తుంది. ఎవరైనా ఒక గీత దాటి, మామూలుగా అది 10 నుంచి 20 శాతం మధ్యలో ఉంటుంది, బోర్డు ఒప్పుకోకుండా షేర్లు పోగేస్తే ఆ రైట్ నిద్రలేస్తుంది. అప్పుడు మిగతా షేర్‌హోల్డర్లందరూ సగం ధరకి కొత్త షేర్లు కొనుక్కోవచ్చు. గీత దాటినవాడికి మాత్రం ఆ హక్కుండదు. కిటుకంతా ఇక్కడే ఉంది.

మన ఊరి లెక్కలో చూద్దాం. వైజాగ్‌లో రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీ ఒకటి ఉందనుకోండి, ఇది నేను ఊహించుకున్నదే. కోటి షేర్లు, ఒక్కోటి 100 రూపాయలు, అంటే కంపెనీ విలువ 100 కోట్లు. గీత 15 శాతం దగ్గర పెట్టారు. ఒకాయన 15 లక్షల షేర్లు కొని గీత తొక్కాడు, ఆయన చేతిలో ఉన్న సరుకు 15 కోట్లు. రైట్ ధర 400 అనుకుందాం, ఎందుకంటే ఆ ధరని మామూలుగా మార్కెట్ రేటుకి కొన్ని రెట్లు పెడతారు. 400 కట్టినవాళ్ళకి 800 విలువ చేసే షేర్లు, అంటే 8 షేర్లు వస్తాయి. మిగతా 85 లక్షల షేర్ల వాళ్ళు అందరూ కట్టేశారనుకోండి, కొత్తగా 6 కోట్ల 80 లక్షల షేర్లు పుడతాయి, మొత్తం 7 కోట్ల 80 లక్షలవుతాయి. మనవాడి 15 లక్షలు ఇప్పుడు ఎంత శాతం? 15 నుంచి 1.92 శాతానికి పడిపోయాడు.

డబ్బు సంగతి కూడా చూడండి. కంపెనీలోకి 340 కోట్లు కొత్తగా వచ్చాయి, పాత వందతో కలిపి 440 కోట్లు, దాన్ని 7.8 కోట్ల షేర్లతో భాగిస్తే ఒక్కోటి 56 రూపాయల 41 పైసలు. ఆయన 15 కోట్ల సరుకు 8 కోట్ల 46 లక్షలయింది, ఆరున్నర కోట్ల పైన ఆవిరి. ఆ డబ్బు ఎక్కడికీ పోలేదు, మిగతా షేర్‌హోల్డర్లకి పంచినట్టయింది: ఒక షేరు, 400 నగదు కలిపి 500 పెట్టినవాడి దగ్గర ఇప్పుడు 9 షేర్లున్నాయి, విలువ 507 రూపాయల చిల్లర. కాబట్టి పిల్ పనిచేసేది డబ్బు తగలబెట్టి కాదు, ఒకడి జేబులోంచి తీసి పక్కవాళ్ళ జేబుల్లో వేసి. అది ముందే తెలుసు కాబట్టే గీత దగ్గరికొచ్చి అందరూ ఆగిపోతారు.

ఎప్పుడైనా నిజంగా పేలిందా, లేక బెదిరింపేనా?

దాదాపు ఎప్పుడూ బెదిరింపే. కావాలని తొక్కిన కేసుల్లో బాగా తెలిసినది సెలెక్టికా అనే అమెరికా సాఫ్ట్‌వేర్ కంపెనీది. వాళ్ళకి పాత నష్టాలు బోలెడున్నాయి, టాక్స్‌లో అవి వాడుకోవాలంటే షేర్లు పెద్దగా చేతులు మారకూడదు, అందుకని గీత 4.99 శాతం దగ్గర పెట్టుకున్నారు. 2008 డిసెంబర్‌లో వెర్సాటా వాళ్ళు తెలిసే దాటారు. బోర్డు సగం ధరకి అమ్మే గొడవంతా పెట్టుకోకుండా, మిగతావాళ్ళకి ఒక్కో రైట్‌కి ఒక్కో షేరు ఊరికే ఇచ్చేసింది, వెర్సాటా వాటా 6.7 నుంచి 3.3 శాతానికి పడింది. 2010లో డెలావేర్ సుప్రీం కోర్టు బోర్డు చేసింది సరే అంది.

అసలు ఒక షేర్‌హోల్డర్‌ని వేరు చేసి దెబ్బకొట్టడం చట్టబద్ధమెలా అయింది?

మార్టిన్ లిప్టన్ అనే న్యూయార్క్ లాయర్ 1982లో దీన్ని తయారుచేశాడు. అప్పటి రోజులు వేరు. కంపెనీలని ఇలా బలవంతంగా కొనే రైడర్లు "ముందొచ్చిన సగం మందికి మంచి నగదు, వెనకబడ్డవాళ్ళకి నాసిరకం బాండ్లు" అని ఆఫర్ ఇచ్చేవాళ్ళు. రేటు నచ్చకపోయినా వెనకబడితే ఇంకా నష్టపోతామన్న భయంతో జనం ఎగబడి అమ్మేవాళ్ళు, సినిమా హాల్లో ఎవరో మంట అని అరిస్తే నిజమో కాదో చూడకుండా తలుపు వైపు పరిగెత్తినట్టు. ఆ తొక్కిసలాటని ఆపడానికి బోర్డు చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా అన్నది పిల్ వెనక ఉన్న నిజాయితీ గల వాదన.

1985లో డెలావేర్ సుప్రీం కోర్టు రెండు తీర్పులిచ్చింది. అమెరికాలో పెద్ద కంపెనీల్లో చాలావాటి రిజిస్ట్రేషన్ ఆ చిన్న రాష్ట్రంలోనే ఉంటుంది కాబట్టి అక్కడి మాటే చెల్లుతుంది. హౌస్‌హోల్డ్ కేసులో పిల్ పెట్టుకునే అధికారం బోర్డుకి ఉంది అన్నారు. యూనోకాల్ కేసులో మాత్రం ఊరికే వదల్లేదు, డైరెక్టర్లు తమ కుర్చీ కాపాడుకోవడానికి ఆడుతున్నారేమో అన్న అనుమానం ఇలాంటి చోట ఎప్పుడూ ఉంటుంది కాబట్టి రెండు విషయాలు వాళ్ళే రుజువు చేసుకోవాలన్నారు. ఒకటి, కంపెనీకి నిజంగా ముప్పుందని సరిగ్గా విచారించాకే నమ్మాం అని. రెండు, మేం చేసింది ఆ ముప్పుకి తగ్గట్టుగానే ఉంది, దోమని చంపడానికి ఫిరంగి పేల్చలేదు అని. తర్వాత 1995లో ఇంకొంచెం వివరం చేర్చారు: షేర్‌హోల్డర్లని బలవంతపెట్టేలా గానీ, వచ్చినవాడికి గెలిచే దారే లేకుండా చేసేలా గానీ ఉండకూడదు.

మరి బోర్డు ఎంతకాలం "వద్దు" అంటూ కూర్చోవచ్చు?

దీనికి ఎయిర్‌గ్యాస్ కథే జవాబు. నేను స్టూడెంట్స్‌కి ఈ ఒక్క కేసే పూర్తిగా చెప్తాను, మిగతావి చదువుకోమంటాను.

ఎయిర్‌గ్యాస్ అంటే సిలిండర్లలో గ్యాస్ అమ్మే కంపెనీ. 2010 ఫిబ్రవరిలో షేరు 43 డాలర్ల పైచిలుకు నడుస్తుంటే ఎయిర్ ప్రాడక్ట్స్ అనే పెద్ద కంపెనీ వచ్చి 60 ఇస్తానంది, అందరి షేర్లకీ, అంతా నగదే. బోర్డు వద్దంది. వీళ్ళకి రెండు కవచాలున్నాయి. 15 శాతం గీతతో పిల్ ఒకటి. ఇంకోటి, తొమ్మిది మంది డైరెక్టర్లలో ఏటా ముగ్గురే ఎన్నికకొస్తారు. అంటే బోర్డుని ఓట్లతో మార్చి పిల్ తీయించాలన్నా మెజారిటీ రావడానికి రెండు వార్షిక సమావేశాలు కావాలి. పిల్ ఒక్కటే ఉంటే అది గేటుకి తాళం, ఈ రెండోది కూడా ఉంటే తాళంచెవి ఇంకో ఏడాది దాకా ఎవరికీ దొరకదు.

సెప్టెంబర్‌లో ఎన్నిక జరిగితే ఎయిర్ ప్రాడక్ట్స్ నిలబెట్టిన ముగ్గురూ గెలిచారు. తర్వాతి సమావేశాన్ని నాలుగు నెలల్లోనే, జనవరిలో పెట్టాలని రూలు కూడా మార్పించారు గానీ, మిగతా డైరెక్టర్ల పదవీకాలం అలా కోసేయడం కుదరదని డెలావేర్ సుప్రీం కోర్టు నవంబర్‌లో కొట్టేసింది. డిసెంబర్‌లో ఎయిర్ ప్రాడక్ట్స్ 70 డాలర్లకి పెంచి ఇదే ఆఖరు అంది. బోర్డు మూడు ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకుల చేత లెక్క కట్టించి కనీసం 78 విలువుంది అని తిప్పికొట్టింది. ఇక్కడ జరిగిన విషయం చాలామందికి తెలియదు: శత్రువు పంపిన ఆ ముగ్గురు కొత్త డైరెక్టర్లు కూడా లోపలికెళ్ళి పుస్తకాలు చూశాక మిగతావాళ్ళతో కలిసి "70 చాలదు" అన్నారు. కోర్టు మీద ఇది బాగా పనిచేసింది, ఎందుకంటే వీళ్ళకి కాపాడుకోవాల్సిన పాత కుర్చీలు లేవు.

2011 ఫిబ్రవరి 15న డెలావేర్ కింది కోర్టు జడ్జి, చాన్సలర్ విలియం చాండ్లర్ తీర్పిచ్చారు. ఈ ఆఫర్‌లో తొక్కిసలాట లేదు, అందరికీ ఒకే రేటు, షేర్‌హోల్డర్ల దగ్గర సమాచారం అంతా ఉంది, ఏడాది టైమిచ్చారు, కాబట్టి నా సొంత అభిప్రాయంలో ఈ పిల్ పని అయిపోయింది అని ఆయనే రాశారు. అయినా పై కోర్టు పాత తీర్పులకి నేను కట్టుబడాలి, వాటి ప్రకారం రేటు తక్కువ అని బోర్డు నిజాయితీగా, విచారించి నమ్మితే అది కూడా ముప్పే అన్నారు. పైగా అప్పటికి షేర్లలో పెద్ద భాగం, ఆఫర్ రేటుకి అమ్మేసి చిన్న లాభం చూసుకుని పోదామనుకునే వ్యాపారుల చేతుల్లోకి వెళ్ళిపోయింది, వాళ్ళు 70కే ఇచ్చేస్తారు, ఉండిపోదామనుకున్నవాళ్ళు నష్టపోతారు, ఇది బోర్డు వాదన. పిల్ నిలబడింది. ఎయిర్ ప్రాడక్ట్స్ అదే రోజు వెళ్ళిపోయింది.

కానీ చివరికి బోర్డు చెప్పిందే నిజమైంది కదా?

ఎయిర్‌గ్యాస్‌ని 2015 నవంబర్‌లో ఫ్రాన్స్‌కి చెందిన ఎయిర్ లిక్విడ్ 143 డాలర్లకి కొంటానని ప్రకటించింది, 2016లో కొనేసింది. 70 వద్దన్న బోర్డుకి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి అంటారు చాలామంది. నేనైతే కొంచెం ఆగమంటాను. నాలుగు ముప్పావు సంవత్సరాల్లో 70 నుంచి 143 అంటే ఏడాదికి దాదాపు 16 శాతం, మంచి రాబడే, కానీ ఆ కాలంలో అమెరికా మార్కెట్ మొత్తం బాగా పెరిగింది, ఆ 70 తీసుకుని వేరేచోట పెట్టినవాడు కూడా ఊరికే కూర్చునేవాడు కాదు. ఇంకోమాట, ఒక బోర్డు సరిగ్గా చెప్పినంత మాత్రాన అన్ని బోర్డులూ సరిగ్గా చెప్తాయని కాదు, వద్దని తిప్పికొట్టాక షేరు నేలకంటిన కంపెనీల కోసం ఎవరూ కథలు చెప్పుకోరు. మనం చూడాల్సింది బోర్డు లెక్క ఎలా వేసింది, బయటి మనుషులు ఆ లెక్క ఒప్పుకున్నారా అన్నది. ఎయిర్‌గ్యాస్‌లో నాకు 143 కంటే ఆ ముగ్గురు డైరెక్టర్ల మాటే ఎక్కువ.

కోర్టు పిల్‌ని కొట్టేసిన సందర్భం ఉందా?

ఉంది. 2020లో కోవిడ్ దెబ్బకి షేర్లు పడిపోయినప్పుడు విలియమ్స్ అనే గ్యాస్ పైప్‌లైన్ కంపెనీ 5 శాతం గీతతో పిల్ పెట్టింది. అప్పటికి కొంటానని వచ్చినవాడే లేడు. పైగా షేర్‌హోల్డర్లు ఇద్దరు ఒకే వైపు నడుస్తున్నట్టు కనిపించినా ఇద్దరి షేర్లూ కలిపి లెక్కేస్తాం అని రాసుకున్నారు, అంటే మామూలుగా కూర్చుని "ఈ మేనేజ్‌మెంట్ బాలేదు" అని మాట్లాడుకోవడానికి కూడా జనం భయపడాలి. 2021లో డెలావేర్ కోర్టు కొట్టేసింది. ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు రావచ్చు అన్న ఊహ ముప్పు కిందకి రాదన్నది దాని సారం.

మీరే పట్టుకోవాలంటే మూడు చోట్ల చూడండి: గీత ఎంత కింద ఉంది, గడువు ఎంత, ఇద్దరిని కలిపి లెక్కేసే రూలు ఎంత వెడల్పుగా రాశారు. 15 శాతం, ఒక ఏడాది అంటే బేరానికి టైం కొంటున్నారు. 5 శాతం పెట్టి, అందరినీ కలిపేస్తాం అంటే నోరు మూయిస్తున్నారు.

ట్విట్టర్ పెట్టింది కదా, మస్క్ అయినా కొనేశాడుగా?

2022 ఏప్రిల్‌లో మస్క్ దగ్గర 9 శాతం పైన ఉండగా 54.20 డాలర్లకి మొత్తం కొంటానన్నాడు, బోర్డు వెంటనే 15 శాతం గీతతో ఏడాది పిల్ పెట్టింది, పది రోజులకే అదే 54.20కి ఒప్పందం చేసుకుంది. పిల్ ఓడిపోలేదు. అది లేకపోతే ఆయన బోర్డుతో మాట్లాడకుండా మార్కెట్లో పోగేసుకుంటూ పోయేవాడు. గీత ఉండటం వల్ల బోర్డు ముందుకొచ్చి కూర్చోవాల్సి వచ్చింది, ఆ లోపల డబ్బు ఎక్కడి నుంచి తెస్తున్నాడో కూడా చూపించాడు.

సరే, మన దేశంలో లిస్టైన కంపెనీ బోర్డు ఇలాంటి పిల్ పెట్టుకోవచ్చా?

అమెరికా పద్ధతిలో అయితే కుదరదు. నిషేధం అని ఒక్క లైన్ ఎక్కడా రాసి లేదు, కానీ నాలుగు వైపుల నుంచీ తలుపులు మూసుకున్నాయి.

పాత షేర్‌హోల్డర్లకి కొత్త షేర్లు ఇవ్వాలంటే కంపెనీల చట్టం 62వ సెక్షన్ ప్రకారం ఎవరి వాటాని బట్టి వాళ్ళకి ఇవ్వాలి, ఒకడిని పక్కనపెట్టి మిగతావాళ్ళకి అనడానికి లేదు. ఒకడిని తప్పించి ఇవ్వాలంటే స్పెషల్ రిజల్యూషన్ కావాలి, అంటే అనుకూలంగా పడ్డ ఓట్లు వ్యతిరేకంగా పడ్డ ఓట్లకి కనీసం మూడు రెట్లుండాలి. అది గెలిచినా, ఇలా ఎంచుకున్న కొందరికే షేర్లివ్వడానికి, అంటే ప్రిఫరెన్షియల్ ఇష్యూకి, మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ కనీస ధర పెట్టింది, ఈమధ్య మార్కెట్లో నడిచిన సగటు రేటు కంటే తక్కువకి ఇవ్వలేరు, సగం ధర అన్న మాటే పోయింది. సగం ధర లేకపోతే పిల్‌లో విషం ఎక్కడుంది?

వీటన్నిటికంటే గట్టిది సెబీ టేకోవర్ రెగ్యులేషన్స్, 2011లో 26వ నిబంధన. ఎవరైనా 25 శాతానికి చేరితే ఇంకో 26 శాతానికి అందరికీ ఓపెన్ ఆఫర్ ఇవ్వాలి. ఆ ఆఫర్ నడుస్తున్నన్నాళ్ళూ బోర్డు పోస్టల్ బ్యాలట్‌లో స్పెషల్ రిజల్యూషన్ లేకుండా కొత్త షేర్లు జారీ చేయకూడదు, రోజువారీ వ్యాపారానికి బయట పెద్ద ఆస్తులు అమ్మకూడదు, పెద్ద అప్పులు తేకూడదు, కంపెనీ తన షేర్లు తానే కొనుక్కునే బైబ్యాక్ చేయకూడదు. బోర్డు అభిప్రాయం చెప్పొచ్చు, కానీ గేటు తాళంచెవి షేర్‌హోల్డర్ల దగ్గరే ఉంటుంది. బ్రిటన్ పద్ధతి కూడా దాదాపు ఇదే.

మైండ్‌ట్రీలో ఇది ఎలా పనిచేసింది?

2019 మార్చి 18న ఎల్ అండ్ టీ మూడు పనులు ఒకేసారి ప్రకటించింది: పెద్ద వాటాదారు వి.జి. సిద్ధార్థ వైపు నుంచి 20.32 శాతం కొనడం, మార్కెట్లో ఇంకో 15 శాతం దాకా కొనడం, ఆ పైన 31 శాతానికి ఓపెన్ ఆఫర్, అన్నీ 980 రూపాయల దగ్గర. ఫౌండర్లకి అందరికీ కలిపి ఉన్నది 13 శాతం చిల్లర. వాళ్ళు గట్టిగా, బహిరంగంగా వద్దన్నారు. రెండు రోజులకి బోర్డు బైబ్యాక్ గురించి చర్చించడానికి కూర్చుంది, తేల్చకుండా వాయిదా వేసింది, మార్చి 26న ఆ ఆలోచన వదిలేసింది.

వదిలేయడం తప్ప దారేముందో లెక్కేసి చూడండి. ఆఫర్ ప్రకటించేశారు కాబట్టి బైబ్యాక్‌కి స్పెషల్ రిజల్యూషన్ కావాలి. ఎల్ అండ్ టీ చేతికొచ్చే 20.32 శాతం ఒక్కటే వ్యతిరేకంగా పడితే, గెలవడానికి మూడింతలు, అంటే 60.96 శాతం అనుకూలంగా రావాలి. ఫౌండర్ల 13 పోగా ఇంకా 47 శాతం పైన కావాలి, 980 రూపాయల నగదు ఎదురుగా పెట్టుకున్న ఫండ్ల నుంచి. ఎల్ అండ్ టీ మార్కెట్లో కొనుక్కుంటూ 25 దాటేస్తే లెక్క ప్రకారమే అసాధ్యం, ఎందుకంటే మిగతా అందరూ కలిసినా 75కి తక్కువే.

బైబ్యాక్‌లో ఇంకో చిక్కుంది, పేపర్లో దాని గురించి పెద్దగా రాయలేదు. బైబ్యాక్ చేస్తే మొత్తం షేర్లు తగ్గుతాయి. అందులో అమ్మనివాడి వాటా దానంతటదే పెరుగుతుంది. ఎల్ అండ్ టీ అమ్మకుండా కూర్చుంటే, వాళ్ళని ఆపడానికి కంపెనీ ఖజానా ఖర్చుపెట్టి వాళ్ళ శాతమే పెంచినట్టయ్యేది.

జూన్‌లో ఆఫర్ నడిచింది, ఎల్ అండ్ టీ వాటా 60 శాతం దగ్గరికి చేరింది, జూలైలో ఫౌండర్లు మేనేజ్‌మెంట్ నుంచి తప్పుకున్నారు. వాళ్ళు కష్టపడి కట్టిన కంపెనీ, బాధ నిజమైనదే. కానీ 13 శాతం ఉన్నవాళ్ళు మిగతా 87 శాతానికి అడ్డుగోడ కట్టలేకపోవడం అన్యాయమని నేననుకోను.

అయితే మన బోర్డు చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందేనా?

అస్సలు కాదు. ఇంకో కొనుగోలుదారుని, అదే వైట్ నైట్ అంటారు, వెతికి తీసుకురావచ్చు, అతను మొదటి ఆఫర్ వివరాల ప్రకటన, అంటే డీటెయిల్డ్ పబ్లిక్ స్టేట్‌మెంట్, వచ్చిన 15 పని దినాల్లో పోటీ ఆఫర్ ఇవ్వచ్చు. రేటు ఎందుకు తక్కువో లెక్కలతో చెప్పొచ్చు. ఇండిపెండెంట్ డైరెక్టర్ల కమిటీ ఆఫర్ మీద కారణాలతో సహా సలహా ప్రచురించాలి, ఇది ఇష్టం కాదు, డ్యూటీ. నా అసంతృప్తి కూడా ఇక్కడే. చాలా కమిటీలు "ధర నిబంధనల ప్రకారం ఉంది, షేర్‌హోల్డర్లు స్వయంగా ఆలోచించుకోవాలి" అని రెండు పేరాలు రాసి ఊరుకుంటాయి. బోర్డు చేతిలోంచి పిల్ తీసేసి మాట మాత్రమే మిగిల్చినప్పుడు ఆ మాటైనా గట్టిగా, అంకెలతో చెప్పాలి కదా.

ఆఫర్ రాకముందు ప్రమోటర్లు చేసుకునేవి వేరే ఉన్నాయి. 25 శాతం దాటి ఉన్నవాళ్ళు ఏడాదికి 5 శాతం దాకా ఓపెన్ ఆఫర్ లేకుండా పెంచుకోవచ్చు. లేకపోతే తర్వాత షేర్లుగా మార్చుకునే వారంట్లు తీసుకుంటారు, నాలుగో వంతు డబ్బు ముందు కట్టి మిగతాది 18 నెలల్లో కట్టే పద్ధతి, దీనికి కూడా స్పెషల్ రిజల్యూషన్ కావాలి. కోర్టుల మాట కూడా గుర్తుంచుకోండి: నీడిల్ ఇండస్ట్రీస్ కేసులో 1981లోనే మన సుప్రీం కోర్టు, కంపెనీకి నిజంగా డబ్బు అవసరమై షేర్లు జారీ చేస్తే డైరెక్టర్లకి పక్కన కొంత లాభం కలిగినా తప్పులేదు, పట్టు నిలబెట్టుకోవడం కోసమే చేస్తే తప్పు అని చెప్పింది. కాబట్టి "నిధులు సమీకరించడం కోసం" అని నోటీసులో కనిపిస్తే ఏ పనికి, ఎంత, ఎప్పుడు అన్నది కింద రాశారా లేదా చూడండి.

మన వైజాగ్ కంపెనీలని ఎవరైనా ఇలా లాక్కోగలరా? స్టీల్ ప్లాంట్?

స్టీల్ ప్లాంట్ లిస్టైన కంపెనీ కాదు, యజమాని కేంద్ర ప్రభుత్వం, యజమాని అమ్మితే తప్ప ఎవరూ వెనక నుంచి రాలేరు, అక్కడి పోరాటం అమ్మొద్దని యజమానితో చేసేది, ఈ టాపిక్‌తో దానికి సంబంధం లేదు. డ్రెడ్జింగ్ కార్పొరేషన్ లిస్టైందే, కానీ 2019లో 73.47 శాతం నాలుగు పోర్టులు కలిసి తీసుకున్నాయి, అందులో మన పోర్టు కూడా ఉంది. అంత వాటా ఒకచోట ఉన్నప్పుడు మిగిలిందంతా కొన్నా నాలుగో వంతుకి కొంచెమే ఎక్కువ. మన దేశంలో హాస్టైల్ ఆఫర్లు అరుదుగా ఉండటానికి కూడా ముఖ్యమైన కారణం ఇదే, ప్రమోటర్ల దగ్గర సగం పైన ఉంటే పిల్ ఎందుకు? భయపడాల్సింది మైండ్‌ట్రీలా ప్రమోటర్ల వాటా పలచగా ఉండి, ఒకే బయటి మనిషి దగ్గర పెద్ద కట్ట ఉన్న కంపెనీలు.

ఇంటికి ఆఫర్ లెటర్ వచ్చింది. ఇప్పుడు ఏం చేయాలి?

బాబాయ్ గారితో ఆ రోజు చేయించిందే చెప్తాను. ముందు తేదీలు చూశాం, షేర్లు ఆఫర్‌లో పెట్టే గడువు, అంటే టెండరింగ్ పీరియడ్, 10 పని దినాలు. తొందర లేదు అన్నాను, ఎందుకంటే రేటు పెంచాలనుకుంటే కొనేవాడు ఈ పీరియడ్ మొదలవడానికి ముందే పెంచాలి, మొదలయ్యాక మారదు. తర్వాత ఇండిపెండెంట్ డైరెక్టర్ల కమిటీ సలహా చదివాం, అది టెండరింగ్ మొదలవడానికి కనీసం రెండు పని దినాల ముందు పేపర్లో వస్తుంది. మార్కెట్ రేటు ఆఫర్ కంటే పైన ఉంటే బ్రోకర్ దగ్గర మామూలుగా అమ్ముకోవడమే మేలు, కింద ఉంటే ఆఫర్ చూడాలి.

ఒక్క విషయం మాత్రం రెండుసార్లు చెప్పాను. మన దగ్గర ఒకసారి ఆఫర్‌లో షేర్లు పెట్టాక వెనక్కి తీసుకోవడానికి లేదు. అడిగిన దానికంటే ఎక్కువ షేర్లు వస్తే అందరివీ దామాషా ప్రకారమే తీసుకుంటారు, మిగతావి డీమాట్‌కి తిరిగొస్తాయి, డబ్బు పీరియడ్ ముగిశాక 10 పని దినాల్లో పడాలి. ఆయన ఫారం మీద పెన్ను పెట్టి చాలాసేపు ఆగారు, సగం షేర్లు రాసి, సగం ఉంచుకున్నారు.